ఐదో హౌస్ పేరు ప్రకటించిన నాలుగు నిమిషాలు

ఒడిశాలోని పర్లాకిమిడిలో మా బడి వార్షికోత్సవానికి పదిహేను రోజుల ముందు నాకు అప్పగించిన పని వినడానికి చాలా చిన్నది. కొత్తగా ఏర్పడుతున్న ఐదో హౌస్ పేరును వేదిక మీద ప్రకటించి, ఆ పేరును ఎందుకు ఎంచుకున్నామో చెప్పాలి. బహుమతుల పంపిణీకీ ఐదో తరగతి పిల్లల నాట్యానికీ మధ్య అందుకు నాలుగు నిమిషాలు ఇచ్చారు. ఇరవై రెండేళ్ళుగా తెలుగు చెబుతున్నవాడిని కాబట్టి ఒక సాయంత్రం కూర్చుంటే ఉపన్యాసం అయిపోతుందనుకున్నాను. చివరికి మూడుసార్లు తిరగరాయవలసి వచ్చింది. మూడుసార్లూ తప్పు భాషలో లేదు. ఏది ముందు చెప్పాలి, ఏది వదిలెయ్యాలి అన్న దగ్గరే నేను పొరపడ్డాను.

మా బడిలో ఇంతవరకు ఎరుపు, నీలం, ఆకుపచ్చ, పసుపు అని నాలుగు హౌసులు ఉండేవి. పిల్లల సంఖ్య పెరిగి, ఆటల పోటీల్లో ఒక్కో హౌసులో సగంమందికి అవకాశమే రాకపోవడంతో తెల్ల జెండాతో ఐదోది ఏర్పాటు చేయాలని నిర్ణయించారు. దానికి రంగు పేరు వద్దని, పిల్లలనే పేరు సూచించమని, ఆరు నుండి పదో తరగతి వరకు అందరికీ చీటీలు ఇచ్చాము. ఒక పేరు, దానికి రెండు వాక్యాల కారణం రాయాలి. తెలుగులో రాయవచ్చు, ఒడియాలో రాయవచ్చు, ఇంగ్లీషులోనూ రాయవచ్చు. యాభై ఎనిమిది చీటీలు తిరిగి వచ్చాయి. వాటిని చూడవలసిన ముగ్గురిలో నేనొకణ్ణి. మిగిలిన ఇద్దరు ఒడియా మాస్టారు, డ్రిల్లు మాస్టారు.

పులులు, సింహాలు, డేగలు ఉన్న చీటీలు పక్కన పెట్టడం కష్టం కాలేదు. వాటి కింద రాసిన కారణం ఏ ఊరి బడికైనా సరిపోతుంది. 'గజపతి' అన్న పేరు ఆరుగురు రాశారు గాని, అది జిల్లా పేరే కావడంతో బడి మొత్తానికీ చెందుతుంది, ఒక హౌసును వేరుగా గుర్తించడానికి పనికిరాదు. 'వంశధార' ఏడుగురు రాశారు. వినడానికి ఎంతో బాగున్న ఆ పేరును ఒడియా మాస్టారు తన భాషలో పలికి వినిపించారు. మన 'వ' వారి నోట 'బ' అవుతుంది, 'శ' కారం 'స' కారమవుతుంది. ఒకే మైదానంలో సగంమంది 'వంశధార' అని, సగంమంది 'బంసధారా' అని అరిస్తే అది నినాదం కాదు, గందరగోళం అని డ్రిల్లు మాస్టారు తేల్చేశారు. నినాదాల సంగతి ఆయనకు తెలిసినంతగా మాకు తెలియదు.

చివరికి రెండు పేర్లు మిగిలాయి. మొదటిది 'గిడుగు'. గిడుగు రామమూర్తి పంతులు గారు ఈ ఊళ్ళోనే ఉపాధ్యాయుడిగా పనిచేశారు, సవర భాష నేర్చుకుని దాని వ్యాకరణమూ నిఘంటువూ తయారుచేశారు, వ్యావహారిక తెలుగు కోసం పోరాడారు. తొమ్మిది చీటీల మీద ఆ పేరు ఉంది, తెలుగు చెప్పేవాడిగా నా మనసూ అటే ఉంది. రెండోది 'మహేంద్రతనయ', మహేంద్రగిరి కొండల్లో పుట్టి మా ఊరి పక్కగా పారే నది. నాలుగు చీటీల మీదే ఉంది. చర్చలో ఒడియా మాస్టారు ఒక మాట అన్నారు: "మాస్టారూ, పంతులు గారు నాకూ గురుతుల్యులే. కానీ 1936 లో ఒడిశా ఏర్పడి ఈ ఊరు ఇటు చేరినప్పుడు ఆయన ఊరు విడిచి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. మీ ఇళ్ళల్లో ఆ కథ ఒకలా చెబుతారు, మా ఇళ్ళల్లో ఇంకొకలా చెబుతారు. పన్నెండేళ్ళ పిల్లవాడు జెండా పట్టుకునే ముందు అదంతా వినాలా?" నేను నా వాదన నేను చేశాను గాని, ఓటు వేస్తే ఇద్దరు నదికి, నేనొక్కణ్ణి పంతులు గారికి. అందువల్ల నేను ఓటు వేయని పేరును నేనే ప్రకటించవలసి వచ్చింది.

నాలుగు చీటీల మీద ఒకే పేరు ఉన్నప్పుడు గెలిచినవారు ఎవరన్న ప్రశ్న వచ్చింది. ముందు ఎవరు పెట్టెలో వేశారో తెలియదు కాబట్టి కారణాన్ని బట్టే నిర్ణయించాలి. రెండు చీటీల్లో 'ఈ నది బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది' అని రాసి ఉంది. సాంఘిక శాస్త్రం టీచరు గారికి చూపిస్తే ఆమె వెంటనే పట్టేశారు. మహేంద్రగిరి ప్రాంతం నుండి మహేంద్రతనయ అన్న పేరుతోనే రెండు నదులు వస్తాయి; బారువ దగ్గర సముద్రాన్ని చేరేది ఒకటి, మన ఊరి పక్కనుంచి వెళ్ళి వంశధారలో కలిసేది మరొకటి. పిల్లలు పేరును పట్టుకుని ఎక్కడో చదివి రాశారే గాని తమ ఇంటి పక్కన ఉన్న నీటిని చూసి రాయలేదు. మూడో చీటీలో 'నది చాలా పవిత్రమైనది' అన్న ఒక్క మాటే ఉంది. నాలుగోది ఎనిమిదో తరగతి అమ్మాయిది, అది ఇలా ఉంది: 'ఈ ఏరు మన కొండల్లో పుట్టి మన ఊరు దాటి వంశధారలో కలుస్తుంది. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు ఆంధ్రలో ఉంది, మా ఇల్లు ఒడిశాలో ఉంది, రెండు చోట్లా మేము బట్టలు ఉతికేది ఈ నీళ్ళలోనే.' ఆ రెండో వాక్యం చదివాక మా ముగ్గురికీ మళ్ళీ ఓటు అవసరం కలగలేదు.

ఇక ఉపన్యాసం. మొదటి ప్రతిని నేను అందరూ రాసినట్టే రాశాను. మొదటి వాక్యంలో సభకు వందనం, రెండో వాక్యంలో హౌసు పేరు, ఆ తరువాత పేరుకు అర్థం, నది పుట్టుక, ఎంపిక జరిగిన తీరు, మిగిలిన పేర్లు, చివర అభినందనలు. ఆరు వందల మాటలు దాటింది. గడియారం పెట్టుకుని ఇంట్లో చదివితే ఏడు నిమిషాలు పట్టింది. సభలో మైకు ముందు, మాట మాటకూ మధ్య కాస్త ఆగుతూ చదివేటప్పుడు నేను నిమిషానికి ఎనభై, తొంభై తెలుగు మాటలకు మించి చదవలేనని అప్పుడే లెక్క తేలింది. అంటే నాలుగు నిమిషాల్లో చప్పట్లకు కొంత వదిలితే రెండు వందల యాభై మాటలే నాకు మిగులుతాయి.

నిడివికన్నా పెద్ద తప్పు మరునాడు బయటపడింది. తొమ్మిదో తరగతిలో తలుపులు వేసి, మాట బయటకు పోనీయమని పిల్లల చేత ఒట్టు పెట్టించుకుని, వేదిక మీద చదివినట్టే చదివాను. రెండో వాక్యంలో పేరు వినగానే గది అంతా గోల లేచింది. ఒకరు చప్పట్లు కొట్టారు, వెనక బెంచీలో ఒకడు "కూతురు పేరా, మాస్టారూ?" అని నవ్వాడు, ఇంకొకడు పక్కవాడితో పందెం గెలిచినట్టు చెయ్యి చాచాడు. నేను చదువుతూనే ఉన్నాను. చివరలో, ఈ పేరు ఎందుకు పెట్టామని అడిగితే నలభై మందిలో ముగ్గురు చెప్పగలిగారు. పేరు బయటపడ్డాక కారణం వినడానికి ఎవరికీ అవసరం ఉండదు. విడుపు తెలిసిన పొడుపు కథను మళ్ళీ వినమన్నట్టే ఉంటుంది. కాబట్టి కారణం ముందు రావాలి, పేరు చివర రావాలి. అయితే కారణంలోనే పేరు దాగి ఉండటం వల్ల సభ తనంతట తాను పేరును ఊహిస్తూ పోతుంది, నేను చెప్పేది ఆ ఊహను ఖాయం చేస్తుంది. అమ్మాయి చీటీ సరిగ్గా అందుకు పనికివచ్చింది. అందులో కొండ ఉంది, ఊరు ఉంది, నీళ్ళు ఉన్నాయి, పేరు మాత్రం లేదు. 'ఈ ఏరు' అని ఉంది.

రెండో ప్రతిని డ్రిల్లు మాస్టారికి చదివి వినిపించాను. ఆయన సాహిత్యం మనిషి కాడు, కానీ ఈల వేసే ముందు ఎంతసేపు ఆగాలో తెలిసిన మనిషి. అంతా విని, "మాస్టారూ, మీరు ఓడిపోయిన పేరుకు ఉపన్యాసం రాశారు" అన్నారు. కాగితం చూసుకుంటే నిజమే. ఎంపిక కాని పేర్లను గౌరవంగా తలచుకోవాలన్న మిషతో పంతులు గారి గురించి నూట పది మాటలు రాశాను; గెలిచిన పేరుకు తొంభై మాటలున్నాయి. వినేవారికి నా ఓటు ఎటు పడిందో ఎవరూ చెప్పనక్కరలేదు. ఎనిమిదో తరగతి పిల్ల తల్లిదండ్రులు ముందు వరసలో కూర్చుని, తమ బిడ్డ పెట్టిన పేరును మాస్టారు అయిష్టంగా చదువుతున్నారని అనుకోవడం కన్నా అన్యాయం ఉండదు. ఆ నూట పది మాటల్ని ఒక అరవాక్యం చేశాను. చేతికి బాధ కలిగిన మాట వాస్తవం.

'తనయ' అంటే కూతురు కదా అన్న ఆక్షేపణకు కూడా రెండో ప్రతిలో ఒక జవాబు పెట్టాను. నదులన్నీ స్త్రీలే, గంగా గోదావరులూ అంతే అని మూడు వాక్యాలు. చివరికి అదీ తీసేశాను. తొమ్మిదో తరగతి వెనక బెంచీలో ఒకడికి వచ్చిన సందేహం ఎనిమిది వందల మంది కూర్చున్న సభలో ఎవరికీ రాకపోవచ్చు. నేను జవాబు చెబితే అందరికీ వస్తుంది.

భాష సంగతి వేరే చిక్కు. తెలుగులో ఒక వాక్యం, వెంటనే దాని ఒడియా అనువాదం అన్న పద్ధతిలో మా బడిలో చాలా ఉపన్యాసాలు నడుస్తాయి, అందువల్ల ప్రతి సభా రెట్టింపు సేపు నడుస్తుంది, ప్రతి ఒక్కరూ సగం సేపు దిక్కులు చూస్తారు. అందుకని పని పంచుకున్నాము. చీటీల సంగతి నేను తెలుగులో చెబుతాను. కొత్త హౌసులోకి పిల్లల్ని ఎలా తీసుకుంటారో ఒడియా మాస్టారు ఒడియాలో చెబుతారు. అమ్మాయి రాసిన రెండు వాక్యాలు మాత్రం రెండు భాషల్లోనూ చదువుతాము, ఎందుకంటే సభ గుర్తుపెట్టుకోవలసింది అదొక్కటే. సవర ఇళ్ళ నుండి వచ్చే పిల్లల కోసం, ఏడో తరగతి కుర్రవాణ్ణి ఆ రెండు వాక్యాలనే తన భాషలో చెప్పమన్నాము. అతను చెప్పినదాంట్లో నాకు అర్థమైనది ఒక్క మహేంద్రగిరి. అతని బంధువులు వెనక నిలబడి నవ్వుతూ తల ఊపారు కాబట్టి సరిగానే చెప్పి ఉంటాడు.

వార్షికోత్సవానికి రెండు రోజుల ముందు తెల్ల జెండా రాయించడానికి బజారులో పెయింటరు దగ్గరకు నేనే వెళ్ళాను. కాగితం మీద తెలుగులో 'మహేంద్రతనయ' అని రాసి, కింద ఒడియా లిపిలోనూ అదే రాయమన్నాను. అతను అక్షరానికి అక్షరం దింపి రాశాడు. సాయంత్రం ఒడియా మాస్టారు జెండా విప్పి చూసి, "ఇది కూతురు కాదు, కొడుకు" అన్నారు. సంస్కృతంలో 'తనయా' అన్న దీర్ఘాంత పదం తెలుగులోకి వచ్చేటప్పటికి చివరి దీర్ఘం పోయి 'తనయ' అవుతుంది. సీత, రమ, గంగ అన్నవి ఎలా వచ్చాయో ఇదీ అలాగే. కొడుకును చెప్పాలంటే మనకు 'తనయుడు' ఉంది కాబట్టి ఇబ్బంది లేదు. ఒడియా ఆ దీర్ఘాన్ని ఉంచుకుంటుంది, అందులో దీర్ఘం లేని 'తనయ' అంటే కుమారుడు. తెలుగులో ఒప్పయిన రాత, అక్షరం మారకుండా ఒడియాలోకి వెళ్ళి నదిని మగబిడ్డను చేసింది. తెలుగు చెప్పేవాడిగా ఈ మార్పు నేను ఏటా పాఠంగా చెబుతాను, జెండా మీద మాత్రం చూడలేకపోయాను. అదృష్టవశాత్తు చివరి అక్షరం పక్కన ఒక గీత చేరిస్తే సరిపోయింది, దానికి చోటూ ఉంది. ఇదే తప్పు నా కాగితంలోని ఒడియా భాగంలోనూ ఉంటే దాన్నీ దిద్దుకున్నాను.

ఆ సాయంత్రం వేదిక మీద నేను చదివిన తెలుగు భాగం ఇది.

"పెద్దలకు, తల్లిదండ్రులకు నమస్కారం. పిల్లలకు ఆశీస్సులు. వచ్చే సంవత్సరం నుండి మన బడిలో ఐదో హౌసు ఉంటుంది. దాని జెండా తెల్లగా ఉంటుంది. దానికి పేరు చెప్పమని అడిగితే మీరు యాభై ఎనిమిది చీటీలు ఇచ్చారు. వాటిలో పులులు ఉన్నాయి, నదులు ఉన్నాయి, ఈ ఊళ్ళో పాఠాలు చెప్పిన గిడుగు రామమూర్తి పంతులు గారు ఉన్నారు. అన్ని చీటీలనూ గ్రంథాలయం గోడకు అతికించాము, రేపటి నుండి చదవవచ్చు. మేము మూడు విషయాలు చూశాము. ఆ పేరు ఈ ఊరిదై ఉండాలి. మన బడిలో వినిపించే భాషలన్నిటిలోనూ నోరు తిరగాలి. రాసినవారు తమ కళ్ళతో చూసినదాన్ని కారణంగా చెప్పాలి. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకరు ఇలా రాశారు. 'ఈ ఏరు మన కొండల్లో పుట్టి మన ఊరు దాటి వంశధారలో కలుస్తుంది. మా అమ్మమ్మ వాళ్ళ ఊరు ఆంధ్రలో ఉంది, మా ఇల్లు ఒడిశాలో ఉంది, రెండు చోట్లా మేము బట్టలు ఉతికేది ఈ నీళ్ళలోనే.' ఆ కొండ మహేంద్రగిరి. దాని కూతురి పేరే మన ఐదో హౌసు పేరు."

అక్కడ నేను ఆగాను. నూటికి కాస్త ఎక్కువ మాటలే గనుక తొందర పడవలసిన పని లేకపోయింది. ఒడియా మాస్టారు, ఏడో తరగతి కుర్రవాడు ఆ రెండు వాక్యాలూ వరసగా చెప్పారు. మేము అనుకోనిది ఒకటి ఇక్కడ జరిగింది. మూడోసారి అవే వాక్యాలు వచ్చేసరికి, భాష తెలియనివారికి కూడా ఎక్కడ కొండ వస్తుందో, ఎక్కడ ఇల్లు వస్తుందో తెలిసిపోయినట్టుంది. ముందు వరసల్లోని చిన్నపిల్లలు అప్పటికే పేరు గుసగుసలాడుతున్నారు. తెర పక్కనుంచి ఆ అమ్మాయే జెండా తీసుకువచ్చి విప్పింది. పేరు నేను మైకులో పలకడానికి ముందే సభ పలికింది.

ఒక్క విషయంలో లెక్క తప్పింది. ఆరు అక్షరాల పేరు మైదానంలో అరవడానికి పొడవవుతుందని డ్రిల్లు మాస్టారు ముందే దాన్ని రెండుగా విరిచి పెట్టుకున్నారు. ఆయన "మహేంద్ర" అంటే పిల్లలు "తనయ" అనాలి. ఆ ఏర్పాటు మా నాలుగు నిమిషాల లెక్కలో లేదు. ఆయన అక్కడికక్కడే మైకు తీసుకుని మొదలుపెట్టడంతో మేము దాదాపు రెండు నిమిషాలు మించిపోయాము, నాట్యానికి గజ్జెలు కట్టుకుని నిలబడ్డ ఐదో తరగతి పిల్లలు కోపంగా చూడటం మొదలుపెట్టారు. ఆయన మూడోసారి పిలిచేటప్పుడు నేను చెవి పెట్టి విన్నాను. ఎవరినైనా దూరం నుండి పిలిచేటప్పుడు తెలుగువాళ్ళం కూడా చివరి అచ్చును సాగదీస్తాం కదా. మా పిల్లలూ, ఒడియా పిల్లలూ, సవర పిల్లలూ అందరూ "తనయా" అనే అంటున్నారు. వేదిక అవతలి కొసన నిలబడ్డ ఒడియా మాస్టారు నావైపు చూసి, గాలిలో వేలితో చివరి అక్షరం పక్కన ఒక గీత గీశారు.